టెక్ సందేహాలు: లీడ్ రాత్రి వచ్చింది, ఫోన్ తెల్లారి వెళ్లింది

ప్రశ్న: విజయవాడలో విదేశీ చదువుల కన్సల్టెన్సీ నడుపుతున్నాం. విద్యార్థుల్ని ఎక్కువగా జర్మనీకే పంపుతాం. ఫేస్‌బుక్, ఇన్‌స్టా ఫారం యాడ్స్‌తో రోజుకి 40 మంది వివరాలు లీడ్స్‌గా వస్తాయి. వెంటనే ఫోన్ చేసినా సగం మంది ఎత్తరు, ఎత్తినవాళ్లు డబ్బు మాట వస్తే పెట్టేస్తారు. లోపం యాడ్‌లో ఉందా, మా వాళ్లలో ఉందా? లీడ్స్ షీటు లింకు జత చేశాను.

జవాబు: ఇలాంటి ఉత్తరం ఈ ఏడాదిలో ఎన్నోసారో లెక్క మర్చిపోయాను. షీటు పంపింది మాత్రం మీరొక్కరే, అందుకే జవాబు తేలిగ్గా దొరికింది.

ముందు ఆ ‘వెంటనే’ సంగతి. మీ షీటులో `created_time` కాలమ్ చూడండి. ఒక వరసలో టైము ఇలా ఉంది:

```
T12:17:00-05:00
```

మీ వాళ్లు 12:17 చూసి, లీడ్ మధ్యాహ్నం వచ్చిందనుకున్నారు. చివరన ఉన్న `-05:00` మన టైము కాదు. దానికి పదిన్నర గంటలు కలిపితే రాత్రి 10:47. భోజనం చేసి, పడుకుని ఫోన్ తిరగేస్తున్న కుర్రాడు నింపిన ఫారం అది. మీ వాళ్లు ఫోన్ చేసింది మర్నాడు 11:20కి. అప్పటికి అతను క్లాసులోనో ఆఫీసులోనో ఉంటాడు, పైగా రాత్రే ఇంకో రెండు యాడ్స్ నొక్కి ఉంటాడు. ‘నేను నింపలేదే’ అనేవాళ్లందరూ అబద్ధమాడరు. పేరు, నంబరు ఫారమే నింపి పెడుతుంది కాబట్టి రెండు నొక్కులతో పని అయిపోతుంది, తెల్లారేసరికి గుర్తుండదు. పాత నంబర్లు వచ్చేదీ అందుకే. మనిషి చేత ఒక్క అక్షరం కూడా రాయించని ఫారాన్ని సౌకర్యం అనడం నాకు ఎప్పుడూ నచ్చదు.

ఫారం రకం `Higher intent`కి మార్చండి. పంపే ముందు వివరాలు ఒకసారి సరిచూసుకోమంటుంది. లీడ్స్ తగ్గుతాయి, తగ్గనివ్వండి. టెలీకాలర్లలో ఒకరిని రాత్రి షిఫ్టుకి మార్చి, తొమ్మిదిన్నర లోపు వచ్చినవాళ్లకి ఐదు పది నిమిషాల్లో ఫోన్ చేయించండి. ఆ తర్వాత వచ్చినవాళ్లకి ఫోన్ వద్దు. రాత్రి పదకొండింటికి ఆడపిల్లకి తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఇంట్లో వాళ్లే పెట్టేస్తారు. ‘రేపు ఏ టైముకి మాట్లాడదాం?’ అని వాట్సాప్ మెసేజ్ చాలు.

ఇక డబ్బు. మీ యాడ్‌లో ‘ఫీజు లేని చదువు’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేని మాట నిజమే. కానీ వీసాకి, ముందే డబ్బు వేసి అక్కడికెళ్లాక నెలనెలా తీసుకునే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలని యాడ్‌లో ఎక్కడా లేదు. యూరో వంద రూపాయలనుకున్నా దాదాపు 12 లక్షలు. ఉచితం అని పిలిచి, ఫోన్‌లో 12 లక్షలంటే పెట్టేయరా మరి? ఆ అంకె యాడ్‌లోనే వేయండి. ఫారంలో ‘మీ బడ్జెట్ ఎంత?’ అని అడక్కండి. పిల్లలకి ఆ సంగతి తెలీదు, నోటికొచ్చింది టిక్ పెడతారు. ‘బ్లాక్డ్ అకౌంట్ డబ్బు ఎలా?’ అని అడిగి, ఇంట్లో సిద్ధంగా ఉంది, లోన్ మంజూరైంది, లోన్‌కి అప్లై చేయాలి, ఇంకా అనుకోలేదు అని నాలుగు ఆప్షన్లు ఇవ్వండి.

ఏ సెమిస్టర్‌లో చేరతారనే ఇన్‌టేక్ ప్రశ్న కూడా అంతే. ‘ఎప్పుడు వెళ్తారు?’ అంటే అందరూ ‘ఈ అక్టోబరే’ అంటారు. దాని పక్కనే ‘ఏపీఎస్ సర్టిఫికెట్ వచ్చిందా, అప్లై చేశారా, ఇంకా లేదా?’ అని అడగండి. మన చదువు పత్రాలు అసలైనవేనని పరిశీలించి ఇచ్చే సర్టిఫికెట్ అది. 2022 నవంబర్ నుంచి మన విద్యార్థులకి తప్పనిసరి, చేతికి రావడానికి వారాలు పడుతుంది. చాలా కోర్సులకి అక్టోబర్ సెమిస్టర్ గడువు జులై 15. జూన్ చివర్లో ఇంకా ఏపీఎస్‌కి అప్లై చేయని కుర్రాడు అక్టోబర్ అని టిక్ పెట్టినా, మీ లెక్కలో అతను ఏప్రిల్ మనిషి. అతన్ని వదిలేయక్కర్లేదు, రేపు ఫోన్ చేయొచ్చు. సర్టిఫికెట్, డబ్బు రెండూ ఉన్నవాడికి మాత్రం ఇప్పుడే చేయాలి. 40 మందినీ ఒకే వరసలో పై నుంచి కిందికి పిలుచుకుంటూ పోతే, ఈ మనిషి ముప్ఫై ఏడోవాడు కావచ్చు.

మీరు అడగలేదు గానీ, నాకు నిద్ర పట్టనివ్వని విషయం వేరే ఉంది. మీ షీటు లాగిన్ అడక్కుండానే తెరుచుకుంది. పేర్లు, ఫోన్ నంబర్లు, తండ్రి ఉద్యోగం, కొందరివైతే పాస్‌పోర్టు నంబర్లు కూడా నాకు కనిపించాయి. ఇది చాలు, ఎవడైనా తండ్రికి ఫోన్ చేసి ‘మీ అబ్బాయి బ్లాక్డ్ అకౌంట్‌కి ఈ రోజే డబ్బు వేయాలి’ అనడానికి. కొడుకు పేరు, దేశం, ఇన్‌టేక్ అన్నీ సరిగ్గా చెబుతుంటే ఆయన ఎందుకు అనుమానిస్తాడు? అదే లింకు మీ టెలీకాలర్ల వాట్సాప్ గ్రూపులోనూ ఉందని మీరే రాశారు. మానేసి వెళ్లినవాళ్ల ఫోన్లలో అది ఇంకా ఉంటుంది, ఇప్పటికీ తెరుచుకుంటుంది.

షీటు షేర్ సెట్టింగ్స్‌లో `Anyone with the link` తీసి `Restricted` పెట్టండి. పని చేస్తున్నవాళ్ల మెయిల్ ఐడీలకి మాత్రమే విడిగా అనుమతి ఇవ్వండి. పాస్‌పోర్టు నంబరు కాలమ్ అసలు లీడ్స్ షీటులో ఉండాల్సిన పని లేదు, తీసేయండి. నేను తెరిచిన ట్యాబ్ మూసేశాను. మళ్లీ లింకు నొక్కినప్పుడు నాకు పర్మిషన్ లేదని రావాలి.