ప్రభుత్వం అప్పు చేస్తే మనం దాచుకోవాలా?

ప్రశ్న: గాజువాకలో ఉంటాం, ఆటోనగర్‌లో ఉద్యోగం. పన్ను లెక్కకు వచ్చే ఆదాయం ఏడాదికి సరిగ్గా 12 లక్షలు. 2025-26 నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్ పడటం లేదు. "ఆ లోటుకి ప్రభుత్వం అప్పు తెస్తోంది, రేపు మళ్లీ మన దగ్గరే వసూలు చేస్తుంది. మిగిలిందంతా ఎఫ్‌డీ వెయ్యి" అంటారు మా బావగారు. 14 శాతం వడ్డీకి తీసుకున్న పర్సనల్ లోన్ ఇంకా లక్షన్నర ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావగారి మాటకు పెద్ద చరిత్రే ఉంది. ప్రభుత్వం యుద్ధ ఖర్చును ఇవాళ పన్నుగా వసూలు చేసినా, అప్పు తెచ్చి ఏటా వడ్డీ కట్టినా లెక్క ఒకటేనని 1820లో ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో రాశాడు. దాన్ని 1974లో అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ బారో పూర్తి సిద్ధాంతంగా మలిచాడు. దీన్నే రికార్డియన్ ఈక్వివలెన్స్ అంటారు. అయితే జనం నిజంగా అలా లెక్కలు వేసుకుని బతుకుతారని రికార్డోయే నమ్మలేదు.

మీ లెక్క చూద్దాం. అంతకుముందు ఏడాది కొత్త విధానంలోనే ఇదే ఆదాయానికి సెస్‌తో కలిపి 83,200 రూపాయలు కట్టాలి. అంటే నెలకు సుమారు 6,900 టీడీఎస్ తగ్గింది. ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోకుండా ఆ డబ్బు 7 శాతానికి అప్పు తెచ్చిందనుకోండి, పదేళ్లకు అది దాదాపు 1.64 లక్షలవుతుంది. మీరూ అదే వడ్డీకి 83,200 దాచి ఉంచితే ఆ రోజు పన్ను కట్టడానికి సరిపోతుంది. అందుకే ఈ సిద్ధాంతం ప్రకారం మీ ఆస్తి ఏమీ పెరగలేదు. ఇంతవరకు బావగారిది సరైన లెక్కే.

కానీ ఇది నిలబడాలంటే ప్రభుత్వానికి పడే వడ్డీ, మీ ఇంటికి వర్తించే వడ్డీ ఒకటే కావాలి. మీ ఇంట్లో అది 14 శాతం. ఒక విధంగా ప్రభుత్వం మీకు 7 శాతానికి అప్పిచ్చింది. దాన్ని తీసుకెళ్లి ఎఫ్‌డీలో పెడితే ఏడాదికి 5,824 వస్తుంది, లోన్ మీద మాత్రం 11,648 పోతుంది. పైగా మీకు ఇంకో చిక్కుంది. ఎఫ్‌డీ వడ్డీ కలిస్తే మీ ఆదాయం 12 లక్షలు దాటుతుంది. పరిమితి కాస్త దాటినవాళ్లకు పన్ను తగ్గించే మార్జినల్ రిలీఫ్ ఉన్నా, 12 లక్షల మీద వచ్చినంతా పన్నుగా పోతుంది, దానిపై సెస్ అదనం. ఆ 5,824లో మీకు మిగిలేది ఏమీ లేదు.

కాబట్టి ఆ నెలనెలా మిగిలే డబ్బు పోగుచేసి లోన్‌కి పార్ట్ పేమెంట్ చేయండి. ఛార్జీ ఎంతో ముందే అడగండి. ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించమనండి. అప్పు తీర్చడం కూడా పొదుపే, బావగారికీ అదే చెప్పండి. రేపు పన్ను పెరిగినా ఈఎంఐ లేని జీతంలోంచి కట్టగలరు. పెరిగేది ఇన్‌కమ్ ట్యాక్సో, జీఎస్టీయో, అది మీ మీద పడుతుందో, మీ పిల్లల మీదో ఇప్పుడెవరూ చెప్పలేరు. అందుకని ఆ పేరుతో విడిగా ఫండ్ పెట్టాల్సిన పని లేదు. లోన్ తీరాక అదే 6,900 పీపీఎఫ్‌కి మళ్లించండి, దాని వడ్డీ మీ 12 లక్షల లెక్కలోకి రాదు.