ప్రథమ తరగతిని ఇంగ్లీషులో ఎలా రాయాలి

విశాఖపట్నం

చిరంజీవి శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

నీ మార్కుల జాబితాను, ద్వారకానగర్‌లో దానికి చేయించిన ఇంగ్లీషు అనువాదాన్ని పక్కపక్కన పెట్టుకుని వరుసవరుసా చదివాను. పరీక్షల విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఈ ప్రతిని ఇలాగే అమెరికా విశ్వవిద్యాలయానికి పంపే దరఖాస్తుకు జతచేయవద్దు.

అసలు ప్రతిలో 1000కి 642 మార్కులు, ప్రథమ తరగతి అని ఉంది. అనువాదకుడు దాన్ని ‘ఫస్ట్ గ్రేడ్’ అని రాశాడు. అమెరికాలో ఫస్ట్ గ్రేడ్ అంటే బడిలో ఒకటో తరగతి. అక్కడ ‘ఫస్ట్ క్లాస్’ అని ఉండాలి. కొన్ని విశ్వవిద్యాలయాలు ‘డివిజన్’ అని కూడా వాడతాయి కాబట్టి, నీ పట్టా మీద ఇంగ్లీషులో ఏ మాట ఉందో చూసి, అన్ని కాగితాల్లోనూ అదే మాట వేయించు.

రెండో తప్పు ఇంకా పెద్దది. మార్కులు తీసేసి, వాటి స్థానంలో అమెరికా కొలమానంలో 4కి 2.57 అని వేశాడు. 64.2 శాతాన్ని 25తో భాగిస్తే వచ్చే అంకె అది. మన దగ్గర 64 శాతం ఫస్ట్ క్లాసు. అమెరికాలో చాలాచోట్ల అరవైల్లో మార్కులు వస్తే డి గ్రేడు వేస్తారు. రెండు కొలతలూ వేరైనప్పుడు ఒట్టి భాగాహారంతో లెక్క కుదరదు, నష్టపోయేది నువ్వే. అనువాదంలో 642 అనే ఉండాలి. మార్పిడి చేసుకునే పని ఆ విశ్వవిద్యాలయానిది, లేదా వాళ్లు అడిగితే నువ్వు పత్రాలు పంపే మూల్యాంకన సంస్థది.

వాళ్లు సరిగ్గా లెక్కవేయాలంటే జాబితా వెనుక పేజీ అవసరం. దాన్ని అనువదించకుండా వదిలేశారు. తరగతుల కొలమానం అంతా అక్కడే ఉంది: 60 శాతానికి తక్కువ కాకుండా వస్తే ప్రథమ, 50కి తక్కువ కాకుండా 60 లోపు వస్తే ద్వితీయ, 40కి తక్కువ కాకుండా 50 లోపు వస్తే తృతీయ. ‘తక్కువ కాకుండా’ అన్నదాన్ని ‘నాట్ లెస్ దాన్’ అనే రాయించు. ‘ఎబవ్’ అని రాస్తే సరిగ్గా 60 తెచ్చుకున్నవారు ద్వితీయంలోకి జారిపోతారు. వెనుక పేజీలో లేని వివరం ఏదైనా కావలసివస్తే అనువాదకుడిచేత చేర్పించవద్దు; పరీక్షల విభాగం నుంచి ముద్రవేసిన ఉత్తరం తెచ్చుకుని దాన్ని విడిగా జతచెయ్యి.

మూడో పేపరులో మొదటిసారి ‘గైర్హాజరు’ అని ఉంది కదా, దాన్ని సున్నాగా మార్చాడు. అది ‘ఆబ్సెంట్’ అని ఉండాలి. సున్నా అంటే పరీక్ష రాసి ఏమీ తెచ్చుకోలేదని అర్థం వస్తుంది.

సరిచేసిన ప్రతి కింద అనువాదకుడి ధృవీకరణ, సంతకం, తేదీ ఉండాలి. నోటరీ ధృవీకరించేది ఆ సంతకాన్నే, అనువాదం సరైనదో కాదో ఆయన చూడడు. అందుకే నోటరీ దగ్గరకు వెళ్లేముందు రెండు ప్రతులూ ఒకసారి నాకు పంపు, అంకె అంకె సరిచూసి ఇస్తాను.

ఇట్లు,
మీ మామయ్య