కలంకారీ చున్నీ నుంచి మొదలుపెట్టండి

"బీరువా నిండా కుర్తీలే, పొద్దున ఆఫీసుకి బయల్దేరేటప్పుడు మాత్రం ఒక్కటీ మ్యాచ్ అవ్వదు. తక్కువ బట్టలతో ఎలా సర్దుకోవాలి?"

ముందు మీకు బాగా నచ్చిన చున్నీ ఒకటి మంచం మీద పరవండి. నాకైతే అది పెడన కలంకారీ: మీగడ రంగు మీద ఎరుపు, నీలం, నలుపు. బేస్ రంగులు అందులోంచే తీసుకున్నాను. నేవీ, మీగడ, నలుపు ప్యాంట్లు మూడు. అవే మూడు రంగుల్లో ప్లెయిన్ కుర్తీలు, వాటికి తోడు ఇటుక ఎరుపుది ఒక్కటి. ఏ కుర్తీ ఏ ప్యాంటు మీద వేసినా నప్పుతుంది, అంటే 12 జతలు. పసుపు రంగు ఇక్కత్ చున్నీ ఇంకోటి ఉంటే చాలు, అయితే అది ఎర్ర కుర్తీ మీద మాత్రం వద్దు, రెండూ పోట్లాడుకుంటాయి.

నేను దెబ్బతిన్నది తెలుపు దగ్గర. మీగడ కుర్తీ కింద తెల్లటి ప్యాంటు వేస్తే కుర్తీ మాసినట్టు కనిపించింది. రెండు నేవీలదీ అదే కథ: షాపులో ట్యూబ్‌లైటు కింద ఒకటే అనిపించాయి, ఎండలోకొచ్చాక ఒకటి ఊదా రంగుకి తిరిగింది. అందుకే ప్యాంటు కొనేటప్పుడు కుర్తీ సంచిలో పెట్టుకెళ్లి గుమ్మం బయట పక్కపక్కన పెట్టి చూడండి. కలంకారీ రంగు దిగొచ్చు, మొదటి రెండు ఉతుకులూ విడిగానే.