వినే వీలుండగా బ్రెయిలీ ఎందుకు?

ప్రశ్న: కంప్యూటరే చదివి వినిపిస్తుంటే అంధ విద్యార్థులకు బ్రెయిలీ ఇంకా అవసరమా?

అవసరమే, ఎందుకంటే వింటే విషయం తెలుస్తుంది గాని, పదంలో ఏ అక్షరం ఉందో రూఢిగా తెలియదు. ఉదాహరణకు, వేగంగా వినేటప్పుడు కల, కళ ఒకేలా తోచవచ్చు. ఆరు చుక్కల బ్రెయిలీ గడిలో మాత్రం ‘ల’ అంటే ఎడమ నిలువు వరుసలోని మూడు చుక్కలు, ‘ళ’ అంటే కుడి వరుసలోని మూడు చుక్కలు గనుక, వేలు తగలగానే తేడా స్పష్టమవుతుంది. అలా నేర్చిన అక్షరక్రమమే ఉద్యోగంలోనూ పనికొస్తుంది: కంప్యూటర్‌కు అమర్చిన బ్రెయిలీ డిస్‌ప్లేపై చుక్కలు పైకి లేస్తుంటే, తాను టైప్ చేసిన ఉత్తరాన్ని ఉద్యోగి అక్షరం అక్షరం తడిమి, పంపేముందే దిద్దుకోగలరు.

బ్రెయిలీ వేరే భాష అని చాలామంది పొరబడతారు. అది లిపి మాత్రమే. అందులో గుణింతపు గుర్తులు హల్లుకు పైనా కిందా కాక పక్క గడిలో వస్తాయి, చదివేది మాత్రం తెలుగే.