రేడియేషన్ అయిన ఏడాదికి రక్తం... మొలలేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 58 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఏడాదిన్నర కిందట గుంటూరులో రేడియేషన్ ఇచ్చారు. నాలుగు నెలలుగా విరేచనంలో రక్తం పడుతోంది. రోజుకు ఆరేడుసార్లు వెళ్తుంది, వచ్చిందంటే ఆపుకోలేదు. బస్సెక్కడానికే భయపడుతోంది. మొలలని మందులు వాడాం, తగ్గలేదు. హిమోగ్లోబిన్ 8.1. క్యాన్సర్ మళ్లీ వచ్చిందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు, అవి మొదలైన సమయం చూస్తే రేడియేషన్ ప్రోక్టైటిస్, అంటే రేడియేషన్ వల్ల మలాశయం దెబ్బతినడం అనిపిస్తోంది. మలాశయం ముందు గోడ గర్భాశయానికి ఆనుకునే ఉంటుంది. అందుకని రేడియేషన్ దెబ్బ ఎక్కువగా దానికే తగులుతుంది. అక్కడి సన్నని రక్తనాళాలు నెలల తరబడి మెల్లగా మూసుకుపోతాయి. వాటి బదులు పలచటి కొత్త నాళాలు సాలెగూడులా పుడతాయి. మలం రాసుకుంటే చాలు, అవి చిట్లుతాయి.

అయితే ఉత్తరం చదివి క్యాన్సర్ కాదని చెప్పలేను. కొలనోస్కోపీ చేయాల్సిందే. పరీక్షకు ముందే రేడియేషన్ సంగతి డాక్టర్‌కు చెప్పండి, పాత ఫైలు చూపించండి. గడ్డ లాంటిది కనిపిస్తే తప్ప ముందు గోడ నుంచి బయాప్సీ ముక్క తీయకూడదు. రక్తప్రసరణ లేని చోట ఆ గాయం మానక, ఒక్కోసారి యోనిలోకి రంధ్రం పడుతుంది.

రక్తానికి మంచి చికిత్స ఏపీసీ, అంటే ఆర్గాన్ ప్లాస్మా కోయాగులేషన్. ఎండోస్కోప్ గుండా ఆర్గాన్ వాయువు వదిలి, దాని ద్వారా కరెంటు పంపి, గోడను తాకకుండానే ఆ నాళాలను పైపైన మాడుస్తారు. సాధారణంగా నెల, రెండు నెలల ఎడంతో రెండు మూడు విడతలు పడుతుంది. దీనికి ముందు పేగు శుభ్రం చేయడానికి ఎనిమా ఇస్తే చాలని ఎవరైనా అన్నా ఒప్పుకోకండి. పేగులో మిగిలిన మీథేన్, హైడ్రోజన్ నిప్పురవ్వకు పేలిన సందర్భాలున్నాయి. ముందురోజు విరేచనాలయ్యే పొడి కలిపిన నీళ్లు తాగి పేగు పూర్తిగా ఖాళీ చేసుకోవాలి. నాళాలు మరీ విస్తారంగా ఉంటే ఫార్మలిన్ పూత, ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ పీల్పించే హైపర్‌బారిక్ ఆక్సిజన్ చికిత్స ఉన్నాయి. ఈలోగా సుక్రాల్‌ఫేట్ ఎనిమా కొందరికి రక్తం తగ్గిస్తుంది. ఐరన్ ఎలా ఇవ్వాలో, మాత్రలా ఇంజెక్షనా అన్నది రక్తపరీక్ష చూసి నిర్ణయిస్తారు.

ఒక విషయం చాలామందికి ముందు చెప్పరు. ఏపీసీతో రక్తం ఆగుతుంది కానీ ఆపుకోలేకపోవడం అంతగా తగ్గదు. సాగే సంచిలా ఉండాల్సిన మలాశయం గట్టిపడిపోయింది, కొంచెం మలానికే తోసుకొస్తుంది. ఇన్ఫెక్షన్ లేదని తేలాక, డాక్టర్‌ను అడిగి ప్రయాణానికి ముందు విరేచనాలు తగ్గించే లోపెరమైడ్ మాత్ర వేసుకుంటే బస్సు భయం చాలావరకు తీరుతుంది. కటి కండరాల వ్యాయామం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవచ్చు. పాలు మానితే తేడా ఉందేమో రెండు వారాలు చూడండి.

ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే సొంతంగా ఆపేయొద్దు, రాసిన డాక్టర్‌ను అడగండి. రక్తం గడ్డలుగా పడినా, కళ్లు తిరిగినా, యోని నుంచి గాలి గానీ మలం గానీ వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.