పేరు విన్నవాళ్లు టైప్ చేయగలగాలి

"కొవ్వొత్తులు, సబ్బులు చేసి ఇన్‌స్టాలో, వారాంతపు సంతల్లో అమ్ముతున్నాను. 'జ్యోత్స్న క్యాండిల్స్' అని పెట్టనా?"

పేరు బాగుంది కానీ వద్దండి. సంతలో మీ నోట విన్నావిడ ఇంటికెళ్లి వెతికేటప్పుడు jyotsna అని కొడుతుందా, jyothsna అనా, josna అనా? మీ పేజీ ఒక్క స్పెల్లింగ్‌తోనే కదా ఉండేది. ఏ పేరు అనుకున్నా ఐదుగురికి నోటితో చెప్పి ఫోన్‌లో టైప్ చేయమనండి, నలుగురైనా ఒకేలా కొట్టకపోతే వదిలేయండి.

'క్యాండిల్స్' కూడా తీసేయండి, సబ్బు రేపర్ మీద ఆ మాట చూస్తే నాకైతే మైనంతో ఒళ్లు రుద్దుకుంటున్నట్టు ఉంటుంది. ఏం అమ్ముతున్నారో పేరు కింద చిన్న అక్షరాల్లో రాస్తే చాలు.

లేబుళ్లు ప్రింట్ చేయించేముందు ఆ పేరును ఇంకెవరైనా ట్రేడ్‌మార్క్ చేసుకున్నారేమో కూడా వెతకండి. ట్రేడ్‌మార్క్‌లను సరుకును బట్టి తరగతులుగా విడదీస్తారు: సబ్బులు 3వ తరగతి, కొవ్వొత్తులు 4వ తరగతి, రెండూ చూడాలి, చాలామంది ఒకటి చూసి ఆపేస్తారు.