ఆఫర్ లెటర్ వచ్చింది, సాయంత్రం లోపల ఫీజు కట్టమంటున్నారు. నమ్మొచ్చా?

"సార్, మాది గుత్తి. మా వాడు బీకాం అయిపోయి ఏడాదైంది. బెంగళూరు ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ స్టాఫ్ జాబ్‌కి సెలెక్ట్ అయినాడని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది, జీతం 28,500 అంట. ఈ రోజు సాయంత్రం 6 లోపల 2,350 రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటున్నారు, మొదటి జీతంతో వాపస్ ఇస్తారంట. ఆఫర్ లెటర్ కూడా పంపినారు, దానిమీద జీఎస్టీ నంబర్ ఉంది. స్క్రీన్‌షాట్, లెటర్ రెండూ పెడుతున్నా. కట్టాలా వద్దా?"

కట్టొద్దన్నా. ఇది మోసమే. ఎందుకంత గట్టిగా చెప్తున్నానో మీరు పంపిన వాటిలోనే చూపిస్తాను. మీరు నమ్మినా మీ వాడు నమ్మాలి కదా, ఏడాదిగా ఖాళీగా ఉన్న పిల్లోడు వచ్చిన జాబ్ అబద్ధమంటే అంత సులభంగా ఒప్పుకోడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి.

ముందు మెసేజ్‌ల పక్కన ఉన్న టైమ్ చూడండి. 10:12కి రెజ్యూమె అడిగారు, 10:40కి ఆధార్, టెన్త్ మెమో ఫోటోలు తీసుకున్నారు, 11:05కి సెలెక్ట్ అయిపోయాడు. గంట కూడా కాలేదు. ఈ మధ్యలో ఎవరూ ఫోన్ చేసి నీకు ఇంగ్లిష్ వచ్చా, హిందీ వచ్చా, నైట్ షిఫ్ట్ చేస్తావా అని ఒక్క మాట అడగలేదు. ప్రయాణికులతో రోజంతా మాట్లాడే ఉద్యోగానికి మనిషి గొంతు కూడా వినకుండా ఎవరు తీసుకుంటారు? పైగా సోమవారం జాయినింగ్ అని రాశారు. ఎయిర్‌పోర్టు లోపల పనిచేయాలంటే ఎంట్రీ పాస్ ఉండాలి. అది పౌర విమానయాన భద్రతా బ్యూరో నిబంధనల ప్రకారం ఇచ్చేది, మనిషి గురించి పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది, దానికి దరఖాస్తు పెట్టేది ఉద్యోగం ఇచ్చే సంస్థ. వాట్సాప్‌లో డబ్బు పంపితే వచ్చేది కాదు.

ఇక మీకు ధైర్యం ఇచ్చిన ఆ జీఎస్టీ నంబర్. లెటర్‌లో ఆఫీసు బెంగళూరు అని ఉంది, నంబర్ మాత్రం 07తో మొదలైంది. జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, కర్ణాటకకి 29, మన ఆంధ్రకి 37, ఈ 07 ఢిల్లీది. ఆ రెండు అంకెల తర్వాత వచ్చే పది అక్షరాలు పాన్ నంబర్. పాన్‌లో నాలుగో అక్షరం కంపెనీకైతే C ఉంటుంది, మీ లెటర్‌లో P ఉంది, అంటే ఒక వ్యక్తి పాన్. పైన పెద్ద అక్షరాలతో ప్రైవేట్ లిమిటెడ్ అని వేసుకుని, కింద ఎవరో ఒక మనిషి నంబర్ పెట్టారు. ఆ మనిషికి తన నంబర్ ఇలా వాడుతున్నారని తెలియకపోవచ్చు కూడా. ఒక సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి, రేపు ఇంకోడు పంపే లెటర్‌లో 29, C రెండూ సరిగ్గా ఉండొచ్చు, ఎందుకంటే నిజమైన కంపెనీ నంబర్‌ని ఎవరైనా కాపీ కొట్టగలరు. నంబర్ తప్పయితే మోసం అని తేలిపోతుంది, నంబర్ సరిగ్గా ఉన్నంత మాత్రాన లెటర్ నిజం కాదు.

డబ్బు ఎవరికి పోతుందో చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. చాట్ చివర్లో ఉన్న యూపీఐ ఐడీని నా ఫోన్‌లో టైప్ చేసి చూశాను, పేరు చూసినంత మాత్రాన డబ్బు పోదు కాబట్టి భయం లేదు. ఖాతాదారు పేరు దగ్గర కంపెనీ పేరు రాలేదు, ఒక మనిషి పేరు వచ్చింది. ఆ పేరు లెటర్ కింద సంతకం చేసిన హెచ్ఆర్ మేనేజర్‌ది కూడా కాదు. చాలాసార్లు అది కమీషన్‌కి ఆశపడి తన ఖాతా అద్దెకిచ్చిన వాడిది అయ్యుంటుంది.

2,350 ఎందుకు అడిగారు, పాతిక వేలు ఎందుకు అడగలేదు అనుకుంటారేమో. పోయిన ఏడాది ధర్మవరం నుంచి ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు, ఇంట్లో మగ్గం పని. వాడిని మొదట అడిగింది 1,999, పోతే పోయిందిలే అని కట్టాడు. రెండో రోజు యూనిఫాం, ఐడీ కార్డుకి 4,500. కట్టకపోతే ముందు కట్టింది కూడా క్యాన్సిల్ అవుతుంది అన్నారు. మూడోసారి గేట్ పాస్ డిపాజిట్ అని 7,800, అది వాళ్లమ్మ చీరకి వచ్చిన కూలి డబ్బులోంచి ఇచ్చింది. మొత్తం 14,299. మొదటి ఫీజుతో వాళ్లు తెలుసుకునేది ఈ ఇంట్లో డబ్బు కడతారా లేదా అని. అది కట్టారంటే, పోయిన డబ్బు మీద ఆశతోనే తర్వాతవి కట్టిస్తారు. వాడు సిగ్గుపడి తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి ఆ ఖాతాలో ఏమీ మిగల్లేదు. డబ్బు పోయిన గంటలోపే ఆ నంబర్‌కి చెప్తే, అది ఇంకో ఖాతాకి దాటకముందే బ్యాంకు ఆపే అవకాశం ఉంటుంది. అందుకే ఎవరికి పోయినా మొదట తిట్టకుండా ఫోన్ చేయించండి.

మీ వాడికి ఇంకా అనుమానం ఉంటే రెండు పనులు చేయమనండి. ఒకటి, ఆ చాట్‌లోనే "ఫీజు నా మొదటి జీతంలో పట్టుకోండి" అని రాయమనండి. ఎలాగూ మొదటి జీతంతో వాపస్ ఇస్తామన్నారు కదా, నిజమైన వాళ్లకి ఇందులో నష్టమేమీ లేదు. వీళ్లు మాత్రం సిస్టమ్ ఒప్పుకోదు, సీటు ఇంకొకరికి పోతుంది అంటారు. రెండోది, లెటర్ మీద ఉన్న నంబర్‌కి కాకుండా ఏ విమాన సంస్థ పేరు వాడుకున్నారో దాని సొంత వెబ్‌సైట్ తీసి, అందులో ఉన్న ఈమెయిల్‌కి ఈ లెటర్ పంపి అడగమనండి. పెద్ద సంస్థలు ఉద్యోగాలకి డబ్బు తీసుకోం అని వాటి కెరీర్స్ పేజీల్లోనే రాసి పెట్టాయి, అదీ చూపించండి.

ఏపీపీఎస్సీకి, రైల్వేకి ఫీజు కడతాం కదా అని మీ వాడు అడగొచ్చు. అది పరీక్ష రాయడానికి, ఫీజు ఎంతో నోటిఫికేషన్‌లో ముందే వేసి, వాళ్ల వెబ్‌సైట్‌లోనే కట్టించుకునేది. సెలెక్ట్ అయ్యావు అని చెప్పి ఒక మనిషి యూపీఐకి వేయించుకునేది కాదు.

ఆధార్ ఫోటో ఇప్పటికే పంపేశాడు కాబట్టి ఈ రాత్రికే ఆధార్ వెబ్‌సైట్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టించండి. sancharsaathi.gov.in లో వాడి పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసి, తెలియని నంబర్ ఉంటే అక్కడే "నాది కాదు" అని చెప్పండి. అదే సైట్‌లో చక్షు అనే చోట ఈ వాట్సాప్ నంబర్ మీద రిపోర్ట్ ఇవ్వండి, మీకు డబ్బు పోలేదు కాబట్టి అది సరిపోతుంది. బ్లాక్ చేసే ముందు చాట్ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి, డిలీట్ చేయొద్దు.

ఇంకొకటి అన్నా, ఈ మెసేజ్‌ని వాడు ఏ ఫ్రెండ్స్‌కి ఫార్వర్డ్ చేశాడో అడిగి ఇప్పుడే వాళ్లకి ఫోన్ చేయించండి. వాళ్లకి కూడా సాయంత్రం 6 గంటలే గడువు పెట్టి ఉంటారు.